రద్దు చేశాక కట్ అయిన 1,499 రూపాయలు

జూన్ 3న ఒక ఫిట్‌నెస్ యాప్ సభ్యత్వం రద్దు చేశాను. 9న క్రెడిట్ కార్డు మీద 1,499 రూపాయలు పడ్డాయి. ఆ కంపెనీకి రీఫండ్ కోసం మెయిల్ పెట్టినా జవాబు లేదు. టెన్షన్‌తో కూకట్‌పల్లిలో మా బ్యాంకుకు వెళ్తే అక్కడి మేడమ్ చెప్పారు: "ఫిర్యాదులో మోసం అని రాయకండి సార్. ఆటోపేకి ఓటీపీ ఇచ్చింది మీరే కదా, బ్యాంకు తిరస్కరించవచ్చు. రద్దు చేసిన తర్వాత వసూలు చేశారని రాయండి."

అసలు బలం రద్దయినట్టు వచ్చిన మెయిల్‌దే. అందులో తేదీ కనిపించాలి. దానికి స్టేట్‌మెంటు, నేను రీఫండ్ అడిగిన మెయిల్ జతచేశాను. ఆటోపేని బ్యాంకు యాప్‌లో విడిగా ఆపాను, లేకుంటే వచ్చే నెల మళ్లీ కట్ కావచ్చు. ఫిర్యాదు నంబరు దాచుకున్నాను. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. నాకు 19వ రోజున డబ్బు తిరిగి వచ్చింది.