అర్థం తెలుసు, ఆన్సర్ తప్పింది: జీఆర్ఈ పదాలు ఎక్కడ దెబ్బతీస్తున్నాయి?

సమస్య: లిస్టులో చదివిన మాటే, అర్థం కూడా గుర్తుంది. అయినా మార్కు పోయింది.

ఇది కొత్త మాటల దగ్గర కన్నా బాగా తెలుసనుకున్న మాటల దగ్గరే ఎక్కువ జరుగుతుంది. 'క్వాలిఫైడ్' సంగతే చూడండి. అర్థమేమిటంటే 'అర్హత ఉన్న' అని ఎవరైనా చెప్తారు. ఇప్పుడు ఇలాంటి ఒక ప్రశ్న వచ్చిందనుకోండి. దాన్ని తెలుగులో చెప్తాను: "సమీక్షకురాలి మెచ్చుకోలు ______; ఆధారాలు సేకరించిన తీరు బాగుందంటూనే, వాటి నుంచి తేల్చిన విషయం మాత్రం నమ్మేలా లేదంది." ఆప్షన్లలో క్వాలిఫైడ్ కనిపించగానే చాలామంది కొట్టేస్తారు. మెచ్చుకోలుకి అర్హతేమిటి అని! కానీ జవాబు అదే. ఇక్కడ దానర్థం 'పూర్తిగా కాదు, కొంతవరకే' అని.

కారణం: లిస్టు ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టి వదిలేస్తుంది. ఆ మాట దేని పక్కన వస్తుందో చెప్పదు. మనిషి ముందు వస్తే క్వాలిఫైడ్ అంటే అర్హత. మెచ్చుకోలు, మద్దతు, అంగీకారం లాంటి వాటి ముందు వస్తే అదే మాట వెనకడుగు వేస్తుంది. ఈ పరీక్షకు ఇలాంటి రెండో అర్థాలంటే మహా ఇష్టం. అరెస్ట్ అంటే ఆపడం, శాంక్షన్ అంటే ఒకచోట అనుమతి, ఇంకోచోట ఆంక్ష.

పరిష్కారం: పత్రికల్లో వచ్చే పుస్తక సమీక్షో, సైన్సు వ్యాసమో ఒకటి తీసుకోండి. మొదటిసారి ఆగకుండా చదవండి. రెండోసారి ఐదు మాటలకు మించకుండా గీత గీయండి. తెలియని ప్రతిదానికీ గీత గీస్తే పేజీ రంగు మారుతుంది తప్ప ఏదీ మిగలదు.

ఇక డిక్షనరీ తీసే ముందే ఒక పని ఉంది. ఆ మాటను వేలితో మూసి, మిగతా వాక్యంలో ఆధారం వెతకండి. పై ఉదాహరణలో సెమీకోలన్ తర్వాతి భాగమంతా ముందున్న ఖాళీకి వివరణే. 'అంటూనే' అన్న ఒక్క మాట చాలు, మెచ్చుకోలులో మెలిక ఉందని చెప్పడానికి. ఇంగ్లిష్‌లో ఆ పని 'వైల్', 'దో', 'యెట్' లాంటి మాటలు చేస్తాయి. మీ ఊహ 'అరకొర' అనుకుంటే అదే రాసుకోండి. ఆ తర్వాత డిక్షనరీలో అన్ని అర్థాలూ చదివి, ఈ వాక్యంలో ఒదిగేదాన్ని ఎంచుకోండి. ఊహ తప్పినా నష్టం లేదు. ఎక్కడ తప్పిందో చూసుకున్న మాట బాగా గుర్తుంటుంది.

నోట్‌బుక్‌లో అర్థం ఒక్కటే రాయొద్దు. దొరికిన వాక్యం మొత్తం ఎక్కించి, కింద ఇలా ఒక ముక్క రాయండి: "ప్రెయిజ్, సపోర్ట్ ముందు వస్తే ఏదో మెలిక ఉన్నట్టు." మూడు రోజుల తర్వాత ఆ మాటను మూసి, వాక్యం చదివి, ఖాళీలో ఏముండాలో గుర్తుచేసుకోండి. పరీక్షలో అడిగేదీ ఇదే కదా.

సమస్య: నెలలుగా చదువుతున్నా, పదాలు మాత్రం పెరగడం లేదు.

చాలావరకు తప్పు వ్యాసం ఎంపికలో ఉంటుంది. సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి దాదాపు 98 మాటలు ముందే తెలిసి ఉండాలని పాల్ నేషన్ వంటి భాషా పరిశోధకులు అంటారు. అంటే యాభై మాటలకు ఒకటి కొత్తది. వ్యాసంలో వంద మాటలు లెక్కపెట్టండి. పది తెలియకపోతే చుట్టూ ఉన్న మాటలే చీకట్లో ఉంటాయి, ఇక ఊహించేది దేన్ని బట్టి? అది పక్కన పెట్టి తేలికైనది చూడండి. ఒక్కటీ కొత్తది లేకపోతే కాస్త బరువైన దానికి వెళ్లండి.

కొన్ని వాక్యాలు ఎంత చూసినా ఏమీ చెప్పవు. 'అతను లకానిక్ మనిషి' అని ఊరుకుంటే ఎవరూ ఊహించలేరు. అలాంటి చోట కుస్తీ పట్టకుండా నేరుగా డిక్షనరీ చూసేయండి.

సమస్య: సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో పర్యాయపదాల జంట దొరికింది, కానీ అది తప్పు.

ఆరు ఆప్షన్లలో రెండు ఎంచుకోవాలి, రెండూ సరైతేనే మార్కు. మాటలను గుంపులుగా బట్టీపట్టినవాళ్లకు ముందు జంటే కంటబడుతుంది. వాక్యానికి అతకని జంటను కావాలనే పెడతారు. ఆప్షన్లు చూడకముందే ఖాళీలో మీ సొంత మాట పెట్టుకుని, దానికి దగ్గరగా ఉన్నవి వెతకండి.

పరీక్షకు నెల కన్నా తక్కువ టైముంటే మాత్రం ఈ పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అరుదైన మాట చదువులో మళ్లీ ఎదురుపడటానికి చాలా కాలం పట్టొచ్చు. అప్పుడు లిస్టు తీయండి, కానీ తెలియని ప్రతి మాటకూ డిక్షనరీలోని ఉదాహరణ వాక్యాలు రెండైనా చదివాకే ముందుకెళ్లండి.