కార్యాలయ లేఖనం – నాలుగో పాఠం: సంఘటన నివేదికతో పంపే ఈమెయిల్

గత పాఠంలో సంఘటన నివేదికను పూర్తి చేశాం. ఈసారి దానిని పై అధికారులకు పంపేటప్పుడు రాయవలసిన చిన్న ఈమెయిల్‌ను, అందులోనూ జతపరచినవేమిటో చెప్పే భాగాన్ని ప్రత్యేకంగా నేర్చుకుందాం. మన ఉదాహరణ పాతదే: విశాఖపట్నం నుంచి రొయ్యలు ఎగుమతి చేసే ఒక కల్పిత శీతల గిడ్డంగి. జూన్ 14 రాత్రి 1:40కి కంప్రెసర్ ఆగి, 3:25కి మళ్ళీ నడిచింది. ఈలోగా రెండో ఛాంబర్‌లో గాలి ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల నుంచి మైనస్ 15కి పెరిగింది. నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ రాసిన నాలుగు పేజీల నివేదిక ఇప్పుడు ప్లాంట్ మేనేజర్‌కు వెళ్ళాలి.

చాలామంది మొదట రాసే మెయిల్ ఇలా ఉంటుంది: ‘సార్, నిన్న రాత్రి జరిగిన విషయం తమకు తెలిసిందే. ఆపరేటర్ గమనించకపోవడం వల్ల సమస్య వచ్చింది. వివరాలు జతచేశాను, దయచేసి చూడగలరు.’ ఇందులో మర్యాద ఉంది కానీ సమాచారం లేదు. ‘తెలిసిందే’ అన్న మాట మేనేజర్‌కు నిజం కావచ్చు, ఆయన ఈ మెయిల్‌ను హెడ్ ఆఫీసుకు పంపినప్పుడు అక్కడ చదివేవారికి కాదు. ఆపరేటర్ మీద పెట్టిన వాక్యం ఇంకా ప్రమాదకరం. నివేదికలోని కారణాల విభాగంలో ‘విచారణలో ఉంది’ అని రాసి, మెయిల్‌లో తప్పు ఎవరిదో తేల్చేస్తే, ఒకే సంఘటనకు రెండు కథలు తయారవుతాయి. ఇక ‘వివరాలు జతచేశాను’ అన్న మాట మన ఆఫీసుల్లో ఎంత అలవాటుగా పడిపోయిందంటే, అటాచ్‌మెంట్ పెట్టడం మరచిపోయినవారు కూడా దానిని మాత్రం మరచిపోరు.

మెయిల్ ఎంత చిన్నదైనా మూడు విషయాలకు జవాబు చెప్పాలి: ఏం జరిగింది, ఇప్పుడు స్థితి ఏమిటి, చదివినవారు ఏం నిర్ణయించాలి. వాటి తర్వాతే జతపరచినవాటి జాబితా వస్తుంది. ఒక్కో దానికి ఒకటి రెండు వాక్యాలు చాలు, ఎందుకంటే మిగతాది చెప్పడానికి నివేదిక ఉంది. నిర్ణయం అవసరం లేని సందర్భంలో ‘సమాచారం కోసం మాత్రమే’ అని రాయండి, లేకపోతే మేనేజర్ మీ మెయిల్‌లో ప్రశ్న ఎక్కడుందా అని వెతుక్కుంటారు.

సవరించిన మెయిల్ ఇది. మీ ఆఫీసులో ఇంగ్లీషులోనే రాస్తున్నా వరుస ఇదే ఉంచండి.

సబ్జెక్ట్: రెండో ఛాంబర్ కంప్రెసర్ ఆగిన సంఘటన, జూన్ 14 – ప్రాథమిక నివేదిక, సరుకుపై నిర్ణయం కోరుతూ

ప్లాంట్ మేనేజర్ గారికి,

జూన్ 14 రాత్రి 1:40 నుంచి 3:25 వరకు రెండో ఛాంబర్ కంప్రెసర్ నడవలేదు. గది గాలి ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీల వరకు పెరిగింది. ఎవరికీ గాయాలు కాలేదు. తెల్లవారుజామున నాలుగు పెట్టెల్లో సరుకు మధ్య ఉష్ణోగ్రత కొలవగా అన్నీ మైనస్ 18 లేదా అంతకంటే చల్లగా ఉన్నాయి. ఛాంబర్‌లోని సరుకు ప్రస్తుతం హోల్డ్‌లో ఉంది. దానిని విడుదల చేయాలా, మరిన్ని పెట్టెలను పరీక్షించాలా అన్నది ఈ సాయంత్రం 4 గంటలలోగా తెలియజేయగలరు.

జతపరచినవి మూడు:
1. `Incident_Chamber2_Jun14_R1.pdf` – ప్రాథమిక నివేదిక, 4 పేజీలు. కారణం ఇంకా నిర్ధారణ కాలేదు.
2. `TempLog_Chamber2_Jun13-14.xlsx` – గాలి ఉష్ణోగ్రత లాగ్, 13 సాయంత్రం 6 నుంచి 14 ఉదయం 6 వరకు. లాగర్ గడియారం ప్యానెల్ గడియారం కంటే 7 నిమిషాలు ముందుంది. నివేదికలోని సమయాలు ప్యానెల్ ప్రకారం ఇచ్చాను.
3. `Photos_Chamber2.pdf` – ప్యానెల్, కంప్రెసర్ ఫోటోలు, 3 పేజీలు.

ఆపరేటర్ వాంగ్మూలం ఇంకా సంతకం కాలేదు. అది రేపు మధ్యాహ్నంలోగా విడిగా వస్తుంది.

నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్

ఈ జాబితా దగ్గర కొంచెం ఆగుదాం. అటాచ్‌మెంట్ల పేర్లు తెర మీద ఎలాగూ కనిపిస్తాయి కదా, మళ్ళీ రాయడం ఎందుకన్న ప్రశ్న సహజం. మేనేజర్ మీ మెయిల్‌కు ‘రిప్లై’ నొక్కినప్పుడు మెయిల్ ప్రోగ్రాములు సాధారణంగా పాత అటాచ్‌మెంట్లను వెంట తీసుకురావు. ‘ఫార్వర్డ్’ చేస్తేనే అవి వెళతాయి. నాలుగు జవాబులు తిరిగిన తర్వాత ఆ వరుస చదివేవారికి ఫైళ్ళు కనిపించవు, మీరు రాసిన జాబితా మాత్రం పాత మెయిల్ కింద మిగిలి ఉంటుంది. ఏ రోజు ఏ ప్రతి పంపారన్నదానికి అప్పుడు అదే ఆధారం. అందుకే పేరులో R1 వంటి గుర్తు ఉంచి, రెండో ప్రతి పంపినప్పుడు R2 అని మార్చాలి. `final`, `final2`, `latest` అన్న పేర్లు రాసినవారికే వారం తర్వాత అర్థం కావు.

రెండో ఫైలు పక్కన రాసిన 7 నిమిషాల సంగతిని గమనించండి. లాగ్ తెరిచినవారికి అందులో 1:47 కనిపిస్తుంది, నివేదికలో 1:40 ఉంటుంది. ముందే చెప్పకపోతే మొదటి ఫోన్ దాని గురించే వస్తుంది, సరుకు నిర్ణయం పక్కకు పోతుంది. అలాగే లాగ్‌లో ఉన్నది గాలి ఉష్ణోగ్రత. తలుపు పదేపదే తెరిచినా అది పెరుగుతుంది, గడ్డకట్టిన సరుకు అంత త్వరగా వేడెక్కదు. ‘ఉష్ణోగ్రత మైనస్ 15కి చేరింది’ అని మాత్రమే రాస్తే, గడ్డకట్టించిన రొయ్యలకు పాటించే మైనస్ 18 గీతను సరుకే దాటిందని చదివేవారు అనుకుంటారు. ఒక్క ‘గాలి’ అన్న మాట ఆ అపార్థాన్ని ఆపుతుంది.

జతపరచనిదాన్ని కూడా చెప్పడం మన మెయిల్‌లోని మరో విషయం. వాంగ్మూలం గురించిన ఆ రెండు వాక్యాలు లేకపోతే, అది మరచిపోయారనో, దాచారనో అనుకునే అవకాశం ఉంది.

ఫోటోలను విడివిడిగా కాకుండా, పరిమాణం తగ్గించి ఒకే పీడీఎఫ్‌గా చేయడానికి కారణం ఉంది. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ల మొత్తం 25 ఎంబీ దాటితే అది వాటిని డ్రైవ్ లింకుగా మారుస్తుంది. అనుమతి ఇవ్వని లింకు హెడ్ ఆఫీసులో తెరుచుకోదు, మీ జాబితా మాత్రం ‘జతపరచినవి మూడు’ అనే అంటుంది. ఫోటోల్లో కార్మికుల ముఖాలు అవసరం లేకపోతే కత్తిరించండి.

పంపే క్రమంలో నా అలవాటు ఒకటి చెబుతాను: ముందు ఫైళ్ళు జతచేస్తాను, తర్వాత వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూస్తూ జాబితా రాస్తాను, చిరునామా చివరగా పెడతాను. సగం రాసిన మెయిల్ పొరపాటున వెళ్ళిపోయే ప్రమాదం దానితో తప్పుతుంది. పంపిన తర్వాత సెంట్ ఫోల్డర్‌లోంచి, వీలైతే ఫోన్‌లో, మూడింటినీ మళ్ళీ తెరవండి. ఒకటి తప్పిపోయిందని తెలిస్తే దానిని ఒంటరిగా పంపవద్దు. మొత్తం మూడింటినీ మళ్ళీ జతచేసి, ‘10:15కి పంపిన మెయిల్ స్థానంలో దీనిని తీసుకోగలరు, అందులో లాగ్ ఫైలు జతకాలేదు’ అని మొదటి వాక్యంగా రాయండి.

అభ్యాసం: మరునాడు వాంగ్మూలం సంతకమై వచ్చింది, కంప్రెసర్ ఆగడానికి కారణం కూడా తేలింది. R2 నివేదికను, వాంగ్మూలాన్ని పంపే మెయిల్‌ను ఎనిమిది వాక్యాలు దాటకుండా రాయండి. R1కీ R2కీ మధ్య ఏ పేజీలో ఏం మారిందో అందులో ఉండాలి. వచ్చే పాఠంలో దానినే సరిదిద్దుదాం.