ప్రొస్టేట్‌లో బాక్టీరియా చేరితే: వారాల కోర్సు ఎందుకు, ఫ్లోరోక్వినోలోన్ వద్దనుకుంటే మందు ఎలా ఎంచుకోవాలి?

మూత్రంలో మంట వస్తుంది, వారం మందు వాడితే తగ్గుతుంది, నెల రెండు నెలలకి మళ్ళీ అదే మంట, మూత్రంలో ఏ బాక్టీరియా ఉందో చూసే కల్చర్ పరీక్ష చేయిస్తే మళ్ళీ అదే బాక్టీరియా. మగవాళ్ళలో ఇలా తిరగబెడుతుంటే అనుమానించాల్సింది మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథిని. దీర్ఘకాలిక బాక్టీరియల్ ప్రొస్టటైటిస్ అంటే ఇదే, ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా అది వేరే కథ. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, అప్పుడు ప్రొస్టేట్‌ని నొక్కి మసాజ్ చేయకూడదు, బాక్టీరియా రక్తంలోకి వెళ్ళే ప్రమాదం ఉంటుంది.

ముందు కల్చర్, తర్వాతే మాత్ర

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం ఇవ్వండి. ఒక్క మాత్ర వేసుకున్నా బాక్టీరియా ల్యాబ్‌లో పెరగకపోవచ్చు, ఆ తర్వాత నెలల తరబడి గుడ్డిగా మందులు మార్చుకుంటూ పోవాల్సి వస్తుంది. జ్వరం లేనివాళ్ళకి డాక్టర్ రెండు సీసాల పరీక్ష చేయొచ్చు. అంటే ప్రొస్టేట్ మసాజ్‌కి ముందు ఒక శాంపిల్, తర్వాత ఒకటి. రెండో దాంట్లో బాక్టీరియా పది రెట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అది ప్రొస్టేట్ నుంచే వస్తోందని అర్థం.

వారాలెందుకు?

మూత్రాశయం ఇన్ఫెక్షన్‌లో మందు మూత్రంలోకి చేరితే చాలు, పని అయిపోతుంది. ప్రొస్టేట్ అలా కాదు. దాని కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని ఉంటాయి, కొవ్వులో కరిగే గుణం ఉన్న మందులు తప్ప చాలావరకు లోపలికి సరిగ్గా పోలేవు. పోయిన కాస్త మందుకీ అక్కడ ఇంకో అడ్డంకి ఉంటుంది, బాక్టీరియా చిన్న చిన్న రాళ్ళ మీద, సన్నని నాళాల్లో జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది. పై పైన ఉన్నవి చచ్చిపోగానే మంట తగ్గుతుంది, లోపలివి మాత్రం బతికే ఉంటాయి. అందుకే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినోలోన్ రకం యాంటీబయాటిక్ అయితే సాధారణంగా 4 నుంచి 6 వారాలు, మిగతావి చాలాసార్లు అంతకన్నా ఎక్కువ. పదో రోజుకే హాయిగా అనిపించిందని ఆపేయడమే చాలామందిలో జబ్బు తిరగబెట్టడానికి దారి తీస్తుంది.

వేరే మందు ఎందుకు వెతకాలి?

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ ప్రొస్టేట్‌లోకి బాగా వెళ్తాయి, అందుకే మొదట అవే రాస్తారు. కానీ వీటితో కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు దెబ్బతినొచ్చు, తిమ్మిర్లూ నరాల నొప్పీ మిగిలిపోవచ్చు, షుగర్ మందులు వాడేవాళ్ళకి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. స్టెరాయిడ్ వాడేవాళ్ళు, 60 దాటినవాళ్ళు, బృహద్ధమని ఉబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌కి ఇది ముందే చెప్పాలి. కోర్సు మధ్యలో మడమ వెనక నొప్పి మొదలైతే తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

రిపోర్ట్ చదవడం ఎలా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 52 ఏళ్ళ మనిషి, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నాడు. రిపోర్ట్‌లో ఈ.కోలి అనే బాక్టీరియా, సిప్రోఫ్లాక్సాసిన్‌కి R, అంటే పనిచేయదు. నైట్రోఫ్యురాంటోయిన్, కో-ట్రైమాక్సజోల్, ఫాస్ఫోమైసిన్ మూడింటికీ S, అంటే పనిచేస్తుంది.

మూడూ S కదా అని ఏదో ఒకటి ఎంచుకుంటే పొరపాటే. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రంలో బాగా పనిచేస్తుంది, ప్రొస్టేట్ కణజాలంలోకి మాత్రం దాదాపు వెళ్ళదు. S అన్నది ల్యాబ్ ప్లేటు మీద మాట, గ్రంథిలో పనిచేస్తుందన్న హామీ కాదు. కాబట్టి అది తీసేద్దాం.

కో-ట్రైమాక్సజోల్ మంచి ఎంపికే, సాధారణంగా 160/800 మి.గ్రా. మాత్ర రోజుకి రెండుసార్లు, 4 వారాల నుంచి 3 నెలల దాకా. అయితే అది పొటాషియం పెంచుతుంది, టెల్మిసార్టన్ కూడా పెంచుతుంది, రెండూ కలిస్తే గుండె లయకే ప్రమాదం. వాడాలంటే మొదలుపెట్టేముందు ఒకసారి, మొదటి వారంలో ఇంకోసారి పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. సల్ఫా అలర్జీ ఉంటే అసలు వద్దు. ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆపి వెంటనే చూపించుకోవాలి.

ఈ మనిషికి కిడ్నీ కూడా కాస్త బలహీనంగా ఉంటే నేనైతే డాక్టర్‌తో ఫాస్ఫోమైసిన్ గురించి మాట్లాడమంటాను. ప్యాకెట్ మీద ఒక్క డోసు అని ఉంటుంది, అది ఆడవాళ్ళ మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కి. ప్రొస్టేట్‌కి కొందరు నిపుణులు 3 గ్రాములు రోజూ ఒక వారం, ఆపైన రోజు విడిచి రోజు 6 నుంచి 12 వారాలు ఇస్తారు. విరేచనాలు ఎక్కువైతే డోసుల మధ్య ఎడం పెంచుతారు.

లైంగికంగా సోకే క్లమీడియా లాంటి బాక్టీరియా కారణమైతే డాక్సీసైక్లిన్ ఉపయోగపడుతుంది, రిపోర్ట్‌లో S ఉంటే కొన్ని ఇతర బాక్టీరియాకి కూడా. నోటి ద్వారా వేసుకునే సెఫలోస్పోరిన్‌లు దీర్ఘకాలిక రకంలో నమ్మదగ్గవి కావు. జ్వరంతో వచ్చే తీవ్ర రకంలో వాపు వల్ల మందుని ఆపే ఆ కణాల అడ్డుగోడ సడలుతుంది కాబట్టి సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ పనిచేస్తుంది.

కోర్సు అయ్యాక

కొన్ని వారాల తర్వాత మళ్ళీ కల్చర్ చేయించండి. అదే బాక్టీరియా కనిపిస్తే కొత్త మందు కన్నా ముందు స్కాన్ అడగండి, ప్రొస్టేట్‌లో రాళ్ళు గానీ, మూత్రం పూర్తిగా ఖాళీ కాకుండా మిగిలిపోవడం గానీ ఉంటే దాన్ని సరిచేయకుండా ఎన్ని వారాలు మింగినా తిరిగి రావచ్చు. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానంతో చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష మాత్రం ఇన్ఫెక్షన్ తగ్గి 6 నుంచి 8 వారాలు అయ్యేదాకా చేయించొద్దు, వాపు వల్ల అది పెరిగి చూపించి అనవసరంగా క్యాన్సర్ టెన్షన్ పెడుతుంది.