పెళ్లి ఫొటోగ్రఫీ ప్యాకేజీ కారోసెల్: మెసేజీలు రాకపోయినా, వచ్చాక తేదీ తప్పినా

ఇది ఇన్‌స్టాగ్రామ్‌లో స్టూడియోలు పెట్టే ప్యాకేజీ కారోసెల్ సంగతి. ముందు నాలుగైదు శాంపిల్ ఫొటోలు, తర్వాత ప్యాకేజీలో ఏమేం వస్తాయో చెప్పే ఒకటి రెండు స్లైడ్లు, చివర్లో బుకింగ్ ఎలాగో చెప్పే స్లైడు ఉంటాయి. డిజైన్ చేయడం, పోస్టు పెట్టడం మీకు వచ్చనే అనుకుందాం.

ఏ సమస్యకైనా మొదటి పరీక్ష ఒకటే. దాన్నే అందరూ వదిలేసి, ఫాంటు మార్చుకుంటూ కూర్చుంటారు. ఇంట్లో వేరొకరి ఫోను తీసుకోండి. అందులో ఉన్నది మీ స్టూడియో అకౌంటు ఫాలో అవని అకౌంటై ఉండాలి. పోస్టు తెరిచి, చివరి స్లైడులో మీరు ఎలా చెప్పారో అలాగే బుకింగ్ కోసం మెసేజ్ పెట్టండి. అది మీ ఫోనుకు చేరిందా, చేరితే ఎక్కడ కనబడింది? అయిదు నిమిషాల పని. సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి.

లక్షణం: లైకులు, సేవ్‌లు వస్తున్నాయి, మెసేజీలు మాత్రం లేవు

చాలాసార్లు మెసేజీలు వచ్చే ఉంటాయి, మీరే చూసి ఉండరు. మీరు ఫాలో అవని వాళ్లు పంపినవి మామూలు ఇన్‌బాక్సులో కాకుండా రిక్వెస్టుల్లోకి పోతాయి. అనుమానంగా అనిపించినవి దాని అడుగున, దాచిన రిక్వెస్టుల్లో పడతాయి. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాసి, ఆ అర ఎన్నడూ తెరవని స్టూడియోలు కోకొల్లలు. రోజుకు రెండుసార్లు చూడటం తప్ప దీనికి వేరే మందు లేదు.

రెండో కారణం లింకు. క్యాప్షన్‌లో రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు, బొమ్మ మీద రాసిన నంబరు నొక్కితే ఫోను కలవదు. వాట్సాప్ లింకును ప్రొఫైల్ బయోలో పెట్టి, చివరి స్లైడులో "బయోలో లింకు నొక్కండి" అని చెప్పాలి. లింకులో నంబరు ముందు దేశం కోడ్ 91 ఉండాలి. ప్లస్ గుర్తు, మొదటి సున్నా, మధ్యలో గీతలు ఉండకూడదు.

```
https://wa.me/91XXXXXXXXXX?text=Pelli%20booking
```

సున్నాతో మొదలుపెట్టిన నంబరు ఇక్కడ పనిచేయదు. విజిటింగ్ కార్డు మీది నంబరును ఉన్నదున్నట్టు దించేసిన చోట ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

లక్షణం: అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు, లేదా పెళ్లయ్యాక "చూపించింది ఇది కాదు కదా" అంటున్నారు

శాంపిల్ ఫొటోలు ఒక ప్యాకేజీవి, రాసిన వివరాలు ఇంకో ప్యాకేజీవి అయినప్పుడు ఈ గొడవ వస్తుంది. మొదటి స్లైడులో కల్యాణ మండపం మీంచి తీసిన డ్రోన్ షాట్ పెట్టి, అయిదో స్లైడులో డ్రోన్ లేని ప్యాకేజీ వివరాలు రాస్తే, చూసేవాళ్ల మనసులో డ్రోన్ ఉన్నట్టే లెక్క. ప్రతి ప్యాకేజీకి దాని పక్కనే, ఆ ప్యాకేజీలో పనిచేసే టీమ్ తీసిన ఫొటోలే పెట్టండి. స్లైడ్లు 20 దాకా పడతాయి కదా అని మూడు ప్యాకేజీలనూ ఒకే పోస్టులో కుక్కే బదులు, ప్యాకేజీకి ఒక పోస్టు చొప్పున పెట్టి మూడింటినీ ప్రొఫైల్ పైన పిన్ చేయడం మేలు.

శాంపిళ్లలో కనీసం ఒకటి రాత్రి మండపంలో, ఎల్‌ఈడీ లైట్ల కింద తీసిన తలంబ్రాల ఫొటో ఉండాలి. సాయంత్రపు ఎండలో తీసిన ప్రీవెడ్డింగ్ ఫొటోలే పెడితే, పెళ్లి ఆల్బమ్‌లోనూ అదే వెలుగు వస్తుందని ఆశపడటం వాళ్ల తప్పు కాదు.

ఆల్బమ్ దగ్గర షీటు, పేజీ తేడా రాయండి. 12×36 అంటే విప్పి పరిచినప్పటి కొలత, మూస్తే 12×18. ఒక షీటు విప్పితే ఎదురెదురుగా రెండు పేజీలు. "40 షీట్లు" అని మీరు రాస్తే ఒకరు 40 పేజీలనుకుని తక్కువన్నారని వెళ్లిపోతారు. "40" అని మాత్రమే రాస్తే ఇంకొకరు షీట్లనుకుని తర్వాత తగాదా పడతారు. "40 షీట్లు, అంటే 80 పేజీలు" అని రాస్తే రెండు బాధలూ తప్పుతాయి.

ధరను బొమ్మ మీద రాయకండి. పోస్టు పెట్టాక క్యాప్షన్ మార్చుకోవచ్చు కానీ స్లైడులోని బొమ్మను తీసి వేరేది పెట్టలేరు. పాత ధర స్క్రీన్‌షాట్ తీసుకుని రెండేళ్ల తర్వాత వచ్చేవాళ్లుంటారు.

లక్షణం: బుకింగ్ అయింది, అడ్వాన్సూ వచ్చింది, తీరా పెళ్లి దగ్గర పడ్డాక తేదీలో తేడా

పైవన్నీ సరిచేసుకున్న వాళ్లు కూడా బోల్తాపడేది ఇక్కడే. కారోసెల్ చూడటానికి నిక్షేపంగా ఉంటుంది. తప్పు రెండు మాటల్లో దాక్కుని ఉంటుంది: ప్యాకేజీ స్లైడులో "1 రోజు", బుకింగ్ స్లైడులో "పెళ్లి తేదీ పంపండి".

మన పెళ్లిళ్లలో ముహూర్తం అర్ధరాత్రి దాటాక పడటం మామూలే. పంచాంగం ప్రకారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒకే వారం. ఫోనులో క్యాలెండరుకి మాత్రం రాత్రి 12 కొట్టగానే తేదీ మారిపోతుంది. 14వ తేదీ శనివారం అనుకోండి. శుభలేఖలో "14వ తేదీ శనివారం రాత్రి తె. 2.47 గం.లకు (తెల్లవారితే ఆదివారం)" అని ఉంటుంది. గడియారం లెక్కలో అది 15 ఆదివారం. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం అదే.

దీన్ని చదివి పెళ్లికూతురు "14" అని పంపవచ్చు, పెళ్లికొడుకు "15" అని పంపవచ్చు. ఎవరి లెక్కలో వాళ్లు సరే. నష్టం రెండు రకాలుగా వస్తుంది. "14" అని వస్తే మీరు డైరీలో శనివారం ఒక్కటే నింపి, ఆదివారం ఉదయం 10.20 ముహూర్తానికి వేరే పెళ్లి ఒప్పుకుంటారు. శనివారం టీమ్ సాయంత్రం 6 గంటలకే మండపం చేరాలి. ఎదురుకోలు, గౌరీపూజ, 2.47కి జీలకర్ర బెల్లం, ఆ తర్వాత మాంగళ్యధారణ, తలంబ్రాలు, చివరికి అప్పగింతలు అయ్యేసరికి తెల్లవారి 6. రాత్రంతా నిలబడిన ఆ నలుగురే ఇంకో ఊరిలో వేకువ మంగళస్నానాలకి కెమెరాలు ఎత్తాలి. కార్డులు ఖాళీ చేయడానికి కూడా వ్యవధి ఉండదు.

"15" అని వస్తే ఇంకా ఘోరం. టీమ్ ఆదివారం సాయంత్రం బయలుదేరుతుంది. అప్పటికి పెళ్లయిపోయి పన్నెండు గంటలు దాటి ఉంటుంది.

పెళ్లివాళ్లలో ఒకరు అమెరికాలో ఉంటే మూడో తికమక. మీరు గూగుల్ క్యాలెండర్‌లో 15వ తేదీ తెల్లవారుజాము 2.47కి పెట్టి ఆహ్వానం పంపితే, డాలస్‌లో ఉన్న అమ్మాయి ఫోనులో అది శనివారం 14, చలికాలమైతే మధ్యాహ్నం 3.17, వేసవి సమయం నడుస్తుంటే 4.17 అని కనిపిస్తుంది. ఆమె దాన్ని చూసి "అవును, 14నే" అని జవాబిస్తుంది. ఇద్దరూ ఒప్పుకున్నట్టే ఉంటుంది కానీ ఏ 14 అన్నది ఎవరూ అడగలేదు.

ఇదే మాట డబ్బు దగ్గరా కొరుకుతుంది. "1 రోజు" అంటే మీ ఉద్దేశం 12 గంటలు. వాళ్ల ఉద్దేశం శనివారం పొద్దున పెళ్లికూతుర్ని చేయడం మొదలు ఆదివారం అప్పగింతల దాకా ఒకే పెళ్లి, కాబట్టి ఒకే రోజు. కొందరైతే మర్నాటి సత్యనారాయణ వ్రతాన్ని కూడా అందులోనే కలిపేస్తారు. ఎవరి మాటా అబద్ధం కాదు.

సరిచేసే పద్ధతి ఇదీ. ప్యాకేజీ స్లైడులో "రోజు" అనే మాట తీసేయండి. మొదలు, చివర, గంటలు రాయండి: "ఎదురుకోలు నుంచి అప్పగింతల వరకు, వరుసగా 12 గంటలు. ఆపైన గంటకు ఇంత." పెళ్లికూతుర్ని చేయడం, వ్రతం, రిసెప్షన్ ఈ లెక్కలో లేకపోతే వాటిని పేరుపేరునా "ఇందులో లేవు" అని కిందే రాయండి. లేనివాటి జాబితా ఉన్న స్లైడు చూసి జనం పారిపోతారని భయపడతారు గానీ, పారిపోయేవాళ్లు అడ్వాన్సుకు ముందే పారిపోవడం మంచిది.

బుకింగ్ స్లైడులో "పెళ్లి తేదీ" అడగడం మానేసి, శుభలేఖలో ముహూర్తం ఉన్న పేజీ ఫొటో అడగండి. శుభలేఖ ఇంకా అచ్చుకాకపోతే లగ్నపత్రిక ఫొటో. దాంతో పాటు మండపం పేరు, ఊరు, మొదటి కార్యక్రమం ఎన్నింటికి, చివరిది ఎన్నింటికి. ఇంతకంటే ఎక్కువ అడిగితే సగం నింపి వదిలేస్తారు.

అది అందాక మీ వైపు నుంచి తిరుగు మెసేజ్ వెళ్లాలి, అందులో రెండు తేదీలు, రెండు వారాలు, రెండు సమయాలు ఉండాలి:

"14 శనివారం సాయంత్రం 6 నుంచి 15 ఆదివారం ఉదయం 6 వరకు. ముహూర్తం శనివారం రాత్రి గడిచాక తెల్లవారుజామున 2.47. ఇది సరేనా?"

సరే అని రాతలో వచ్చాకే అడ్వాన్సుకు క్యూఆర్ కోడ్ పంపండి. చాలామంది ముందే చివరి స్లైడులో క్యూఆర్ కోడ్ పెట్టేస్తారు. అప్పుడు డబ్బు ముందు వస్తుంది, ముహూర్తం తర్వాత తెలుస్తుంది, తిప్పి ఇవ్వాల్సి వస్తే మొహమాటం. దాన్ని స్లైడు నుంచి తీసేయండి.

డైరీలో కూడా తేదీ గడిని కాకుండా సమయాన్ని నింపండి: 14 సాయంత్రం 6 నుంచి 15 మధ్యాహ్నం 12 దాకా. ఆ చివరి ఆరు గంటలు ప్రయాణానికి, కార్డులు కాపీ చేయడానికి, నిద్రకి. ముహూర్తం తెల్లవారుజామున ఉన్న ప్రతి పెళ్లికీ మర్నాడు ఉదయం ఆ టీమ్ లేనట్టే లెక్కేసుకోండి.

ఇప్పటికే తీసుకున్న బుకింగులకు ఈరోజే కూర్చుని ఒక్కొక్కరికీ ఆ రెండు తేదీల మెసేజ్ పంపండి. ముహూర్తం రాత్రి 12కి, సూర్యోదయానికి మధ్య ఉన్నవాటితో మొదలుపెట్టండి. పగటి ముహూర్తాలకు ఈ ప్రమాదం లేదు.

అరుదుగా వచ్చేవి

పట్టుచీర ఎరుపు, పసుపు రంగులు ఫోనులో వెలిసినట్టు కనిపిస్తే ఎక్స్‌పోర్ట్‌లో sRGB ఎంచుకోండి. ప్రొఫైల్ గ్రిడ్‌లో మొదటి స్లైడు అక్షరాలు అంచుల్లో తెగుతుంటే, 1080×1350 బొమ్మకు గ్రిడ్ రెండు పక్కలా కలిపి దాదాపు 68 పిక్సెళ్లు కోస్తుందని గుర్తుపెట్టుకుని అక్షరాలను లోపలికి జరపండి. నిలువు, అడ్డం ఫొటోలు కలిపి పెట్టినప్పుడు కొన్ని తలలు తెగితే, అన్నింటినీ ముందే ఒకే కొలతకు కోసుకుని ఎక్కించండి.