కొవ్వుల పాఠాలు – 7: రెండో కార్బన్ నుంచి ఆస్పిరిన్ మాత్ర దాకా

ఈసారి నేరుగా ప్రోస్టాగ్లాండిన్లలోకి దిగుదామనుకున్నాను. ఆరో పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక అది కుదరదని తేలింది. ఫాస్ఫాటిడైల్ కోలిన్, స్ఫింగోమైలిన్ బొమ్మలు పక్కపక్కన గీసి, ఆరకిడోనిక్ ఆమ్లం ఎక్కడ తెగి బయటికి వస్తుందో కత్తెర గుర్తు పెట్టమన్నాను. బొమ్మలు చాలామంది చక్కగానే గీశారు. కత్తెర మాత్రం రెండు బొమ్మలకూ పెట్టారు. ఫార్మసీ రెండో సంవత్సరం చదివేవారు కూడా!

ఎందుకు పెట్టారో అర్థమవుతూనే ఉంది. రెండింటికీ తల ఒకటే, ఫాస్ఫేటు మీద కోలిన్. రెండింటికీ రెండేసి తోకలు. దూరం నుంచి చూస్తే కవల పిల్లలే. కాబట్టి తలను కాసేపు చేతితో మూసి, మెడ దగ్గర చూడండి.

ఫాస్ఫాటిడైల్ కోలిన్‌కు ఆధారం గ్లిసరాల్, అంటే మూడు కార్బన్లు. ఒకటో కార్బన్ మీద సాధారణంగా పామిటిక్ లేదా స్టియరిక్ వంటి సంతృప్త కొవ్వు ఆమ్లం, రెండో దాని మీద సాధారణంగా అసంతృప్త కొవ్వు ఆమ్లం, మూడో దాని మీద ఫాస్ఫేటు. రెండు కొవ్వు ఆమ్లాలూ ఎస్టర్ బంధాలతో అతుక్కుని ఉంటాయి. ఆరకిడోనిక్ ఆమ్లం కాపురం రెండో కార్బన్ మీద.

స్ఫింగోమైలిన్‌లో గ్లిసరాల్ లేనే లేదు. అక్కడ ఆధారం స్ఫింగోసిన్ అనే 18 కార్బన్ల అమైనో ఆల్కహాల్. శరీరం దాన్ని సెరీన్, పామిటోయిల్ కోఎంజైమ్ ఎ కలిపి తయారుచేస్తుంది. కాబట్టి మీరు గీసిన రెండు తోకల్లో ఒకటి అసలు అతికించిన కొవ్వు ఆమ్లమే కాదు, అది స్ఫింగోసిన్ సొంత ఒళ్లు. రెండో తోక కొవ్వు ఆమ్లమే, కానీ అది ఆక్సిజన్‌కు కాదు, నైట్రోజన్‌కు అతుక్కుంది. అంటే అమైడ్ బంధం. ఈ రెండూ కలిసినది సెరమైడ్. సెరమైడ్ మీద ఫాస్ఫోకోలిన్ పెడితే స్ఫింగోమైలిన్, చక్కెర పెడితే సెరిబ్రోసైడ్.

ఇప్పుడు కత్తెర సంగతి. ఆ కత్తెర పేరు ఫాస్ఫోలైపేజ్ ఎ2. గ్లిసరాల్ రెండో కార్బన్ మీది ఎస్టర్ బంధాన్ని తెంచడం దాని పని. స్ఫింగోమైలిన్‌లో ఆ గ్లిసరాలూ లేదు, ఆ ఎస్టరూ లేదు, ఇక తెంచేది దేన్ని? స్ఫింగోమైలిన్‌ను కోసే ఎంజైము వేరే ఉంది, స్ఫింగోమైలినేజ్. అది ఫాస్ఫోకోలిన్‌ను ఊడదీసి సెరమైడ్‌ను మిగులుస్తుంది. అది లోపిస్తే నీమన్-పిక్ వ్యాధిలో ఎ, బి రకాలు వస్తాయి. దాని కథ అక్కడితో సరి, ఇవాళ్టి దారిలోకి అది రాదు.

పనిలో పనిగా ఇంకొకటి. స్ఫింగోమైలిన్ ఫాస్ఫోలిపిడా, స్ఫింగోలిపిడా అని కొందరు అడిగారు. రెండూను. ఫాస్ఫేటు ఉంది కాబట్టి మొదటిది, స్ఫింగోసిన్ ఉంది కాబట్టి రెండోది. గ్లిసరోఫాస్ఫోలిపిడ్ మాత్రం కాదు. పరీక్షలో నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చి మిమ్మల్ని పడగొట్టేది సరిగ్గా ఇక్కడే.

ఇక దారి పడదాం. కణానికి దెబ్బ తగిలినా, హార్మోను వచ్చి తలుపు తట్టినా లోపల కాల్షియం పెరుగుతుంది. ఫాస్ఫోలైపేజ్ ఎ2 పొర మీదికి చేరి ఆరకిడోనిక్ ఆమ్లాన్ని విడదీస్తుంది. 20 కార్బన్లు, నాలుగు ద్విబంధాలు. ఆ ద్విబంధాలు 5, 8, 11, 14 స్థానాల్లో మొదలవుతాయి. ఈ అంకెలు కంఠస్థం చేయండి, అడ్డదారి ఏమీ లేదు. మూడేసి చొప్పున పెరుగుతాయని గుర్తుంచుకుంటే చాలని నేను పిల్లలకు చెబుతుంటాను.

విడుదలైన ఆమ్లానికి మనకు కావలసిన దారులు రెండు. ఒకటి లైపాక్సిజినేజ్ దారి, అది ల్యూకోట్రైన్లకు పోతుంది. రెండోది సైక్లోఆక్సిజినేజ్, అంటే కాక్స్ దారి. కాక్స్ రెండు ఆక్సిజన్ అణువులను చేర్చి ముందు ప్రోస్టాగ్లాండిన్ జీ2, అంటే పీజీజీ2, తర్వాత దాన్ని క్షయకరించి పీజీహెచ్2 చేస్తుంది. అక్కడి నుంచి ఏమవుతుందన్నది కణాన్ని బట్టి ఉంటుంది. ప్లేట్‌లెట్లలో త్రాంబాక్సేన్ ఎ2 అవుతుంది. అది ప్లేట్‌లెట్లను గుంపు కట్టిస్తుంది, రక్తనాళాన్ని బిగిస్తుంది. రక్తనాళాల లోపలి పొరలో ప్రోస్టాసైక్లిన్ అవుతుంది, దాని పని సరిగ్గా తారుమారు. జీర్ణాశయంలో పీజీఈ2 పొరను కాపాడుతుంది, వాచిన మోకాలిలో అదే పీజీఈ2 నొప్పిని పెంచుతుంది. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతుందని 1971లో జాన్ వేన్ చూపించారు. ఆయనకు 1982లో బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్‌లతో కలిపి నోబెల్ వచ్చింది.

స్టెరాయిడ్లు ఎక్కడ అడ్డుపడతాయో ఒక్క మాటలో చెబుతాను. అవి ఫాస్ఫోలైపేజ్ ఎ2 దగ్గర, అంటే కొమ్మ చీలకముందే అడ్డుపడతాయి. కాక్స్-2 తయారీని కూడా తగ్గిస్తాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అడ్డుపడేది చీలాక, కాక్స్ కొమ్మ మీద. అందుకే కొందరు ఉబ్బస రోగులకు ఆస్పిరిన్ పడదు. కాక్స్ దారి మూసుకుంటుంది, వారిలో ల్యూకోట్రైన్ల ఉత్పత్తి ఎక్కువై ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే మాటకు వస్తున్నాను. “ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములంటే చిన్న మోతాదు, కొద్దిసేపే పనిచేస్తుంది. ఐబుప్రొఫెన్ 400 పెద్దది, ఎక్కువసేపు పనిచేస్తుంది.” ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తారు. రెండు మందులూ ఒకే గుంపులో ఉన్నాయి కదా అని మిల్లీగ్రాములు పోల్చేస్తారు. చూడవలసింది బరువు కాదు, బంధం.

కాక్స్ ఎంజైములో ఆరకిడోనిక్ ఆమ్లం దూరే ఒక సన్నని సొరంగం ఉంటుంది. ఆస్పిరిన్ ఆ సొరంగంలోకి వెళ్లి, అక్కడి ఒక సెరీన్ మీద తన ఎసిటైల్ ముక్కను శాశ్వతంగా అతికించి పోతుంది. ఆ సెరీన్‌ను గొర్రె ఎంజైము లెక్కలో 530 అని, మనిషి ఎంజైము లెక్కలో 529 అని రాస్తారు. రెండు పుస్తకాల్లో రెండు అంకెలు చూసి కంగారు పడకండి. ఆస్పిరిన్ రక్తంలో నిలిచేది కొద్దిసేపే, పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో సగం పోతుంది. కానీ అతికిన ముక్క ఊడదు. మామూలు కణమైతే కొత్త ఎంజైమును తయారుచేసుకుంటుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్తది చేసుకునే శక్తి దాదాపు సున్నా. అది బతికే ఏడు నుంచి పది రోజులూ దాని కాక్స్-1 చచ్చినట్టే. రోజుకు పదో వంతు ప్లేట్‌లెట్లు కొత్తగా వస్తాయి కాబట్టి రోజూ ఒక చిన్న మాత్ర చాలు. ఐబుప్రొఫెన్ అలా కాదు. అదే సొరంగంలో కూర్చుంటుంది, కొన్ని గంటల్లో లేచి పోతుంది. ఏ గుర్తూ వదలదు.

రెండూ ఒకే మనిషి మింగితే ఏమవుతుందో లెక్క వేద్దాం. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసే 58 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. గుండెకు స్టెంటు వేశారు, రోజూ ఉదయం 8 గంటలకు ఆస్పిరిన్ 75 వేసుకుంటాడు. బస్తాల మధ్య నిలబడీ నిలబడీ మోకాళ్లు నొప్పి. మందుల షాపులో ఐబుప్రొఫెన్ 400 కొని 7 గంటలకు వేసుకున్నాడు.

8 గంటలకు ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల దగ్గరికి చేరేసరికి సొరంగంలో ఐబుప్రొఫెన్ ఉంది. పండగ రోజుల్లో ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తుండు వేసినట్టే. తుండు వేసినవాడు రెండు స్టాపుల్లో దిగిపోతాడు, కానీ చివరి ఊరి దాకా వెళ్లవలసినవాడు ఖాళీ లేదని అప్పటికే వెనుదిరిగాడు. మధ్యాహ్నానికి ఐబుప్రొఫెన్ లేచిపోతుంది, అప్పటికి ఆస్పిరిన్ రక్తంలో మిగలదు. మిగిలేది సాలిసిలేట్, దానికి అతికించడానికి ఎసిటైల్ లేదు. ఆ రోజు కొత్తగా వచ్చిన ప్లేట్‌లెట్లు త్రాంబాక్సేన్ చేస్తాయి. రోజూ ఇలాగే మింగితే, రెండు మందులు మింగిన మనిషికి రక్షణ రోజురోజుకూ తరిగిపోతుంది.

దీన్ని ఒంటి మీద గుర్తుపట్టలేం. మోకాలి నొప్పి తగ్గింది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. సీరంలో త్రాంబాక్సేన్ బి2 కొలిస్తే తెలుస్తుంది. ఎ2 అర నిమిషంలోనే సగం కరిగిపోతుంది కాబట్టి, దాని నిలకడైన అవశేషం బి2ని కొలుస్తారు. గుండెకు రక్షణ కావాలంటే ఆ తయారీ 95 శాతానికి పైగా ఆగాలి. సగమో ముప్పాతికో ఆగితే చాలదు.

సమయం మారిస్తే? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో చెప్పినది ఇది: మామూలు ఆస్పిరిన్ వేసుకున్నాక కనీసం అరగంట ఆగి ఐబుప్రొఫెన్ వేసుకోవాలి, లేదా ఐబుప్రొఫెన్ వేసుకున్నాక 8 గంటలకు పైగా ఆగి ఆస్పిరిన్ వేసుకోవాలి. ఇది ఎప్పుడో ఒకసారి మింగే ఐబుప్రొఫెన్‌కు వర్తిస్తుంది. రోజుకు మూడుసార్లు మింగేవారిలో ఆస్పిరిన్ ముందు వేసుకున్నా అడ్డుతగిలిందని 2001లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అదే అధ్యయనంలో పారాసిటమాల్, డైక్లోఫెనాక్ అలా అడ్డుతగలలేదు. మరో చిక్కు ఉంది. పేగుల్లో కరిగే పూత ఉన్న ఆస్పిరిన్ అయితే ఆ అరగంట లెక్క పనికిరాదు, అది రక్తంలోకి నెమ్మదిగా వస్తుంది. మన దగ్గర అమ్మే 75 మాత్రల్లో పూత ఉన్నవి చాలా ఉన్నాయి. అట్ట మీద చదవండి.

డైక్లోఫెనాక్ అడ్డుతగలదు కదా అని దాన్ని ఇచ్చేయడమూ సరి కాదు. గుండె జబ్బు ఉన్నవారికి దాని వల్ల వేరే ముప్పు ఉంది, పైగా ఆస్పిరిన్‌తో కలిస్తే జీర్ణాశయం నుంచి రక్తస్రావం భయం పెరుగుతుంది. మన కాటా మనిషికి ఏది ఇవ్వాలన్నది ఆయన గుండె డాక్టరు నిర్ణయం. మీ పని ఆయనను షాపు కౌంటరు దగ్గర ఆపి, రోజూ వేసుకునే మందులు ఏమిటని అడగడం.

అభ్యాసం. ఒకే ప్రశ్న, కానీ సగం పేజీలో ముగిస్తే నేను చదవను. పై మనిషి రెండు రోజుల పాటు ఉదయం 7కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి ఐబుప్రొఫెన్ 400 వేసుకుంటూ, ఉదయం 8కి పూత లేని ఆస్పిరిన్ 75 వేసుకున్నాడు. మూడో రోజు ఐబుప్రొఫెన్ ఆపేశాడు, ఆస్పిరిన్ మాత్రం అదే వేళకు వేసుకున్నాడు. అంతకుముందు నెల రోజులుగా ఆస్పిరిన్ ఒక్క రోజూ తప్పలేదు. మూడు రోజులకూ గంటల గీత గీసి, ప్లేట్‌లెట్ల సొరంగంలో ఏ వేళ ఎవరున్నారో గుర్తించండి. మొదటి రోజు సాయంత్రం కంటే రెండో రోజు సాయంత్రం త్రాంబాక్సేన్ ఎందుకు ఎక్కువగా ఉంటుందో కారణం రాయండి. చివర్లో, ఇదే మనిషికి ఉబ్బసం కూడా ఉంటే మీ గీత మీద ఏ కొమ్మను కొత్తగా చేర్చాలో చూపండి. స్ఫింగోమైలిన్ ఎక్కడా కనిపించకూడదు.