కిస్సింగ్ బగ్ కనిపిస్తే నలపకండి: టెక్సస్‌లో ఎండాకాలం మొదలవకముందే చూసుకోవాల్సినవి

టెక్సస్‌లో ఉండే తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా మే, జూన్ నెలల్లో ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తున్నవాళ్ల కోసం, ఊరి చివర చెట్లూ పొదలూ ఉన్న పక్కన ఇల్లు కొనుక్కున్నవాళ్ల కోసం. ఇక్కడ కిస్సింగ్ బగ్ అనే పురుగు ఉంది. రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్ల రక్తం తాగుతుంది, ఎక్కువగా దుప్పటి బయట ఉండే ముఖం దగ్గర కుడుతుంది కాబట్టి ఆ పేరు. రెక్కలొచ్చిన పెద్ద పురుగులు ఇళ్ల వైపు ఎగిరి వచ్చేది దాదాపు మే నుంచి అక్టోబర్ దాకా. చాగస్ అనే జబ్బు తెచ్చే పరాన్నజీవిని మోసేది ఇదే.

అయితే ఆ జబ్బు కాటులోంచి రాదు. మలేరియా అంటే దోమ నోటిలోంచి ఒంట్లోకి వస్తుందని మనకు తెలుసు కాబట్టి ఇదీ అలాగే అనుకుంటాం. 1909లో బ్రెజిల్‌లో ఈ జబ్బును కనిపెట్టిన కార్లోస్ చాగస్ కూడా మొదట కాటు వల్లే అనుకున్నాడు. పురుగు మలం వల్ల అని 1912లో బ్రంప్ట్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త చూపించాడు. ఈ తేడా అర్థమైతే ఏం చేయాలో, ఏం చేయకూడదో సగం మీకే తెలిసిపోతుంది.

పురుగు రక్తం తాగినప్పుడు తన బరువుకి కొన్ని రెట్లు తాగేస్తుంది, పొట్ట ఉబ్బిపోయి కదలడమే కష్టమవుతుంది. అందుకని రక్తంలోని నీటిని గబగబా వడగట్టి బయటికి వదిలేస్తుంది. ట్రిపనోసోమా క్రూజీ అనే పరాన్నజీవి దాని పేగుల్లో పెరిగి, మనిషికి అంటుకోగల రూపంలోకి మారేది పేగు చివరి భాగంలో. ఆ నీరు పోయేటప్పుడు పేగు చివర ఉన్నవన్నీ కడుక్కుపోయినట్టు బయటికి వచ్చేస్తాయి. అంటే పురుగు కడుపు నిండిన కాసేపటికి మన చర్మం మీద పడే ఆ తడి చుక్కలోనే అవి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోలేవు. కానీ కుట్టిన చోట దురద పెడుతుంది, మనం నిద్రమత్తులోనే గోకుతాం, అప్పుడు గోటితో మనమే వాటిని గాయంలోకి నెడతాం. లేదా ఆ చేత్తోనే కన్ను నులుముకుంటాం, నోరు తుడుచుకుంటాం. కంటి పొరలోంచి, నోటి లోపలి పొరలోంచి లోపలికి పోవడానికి వాటికి గాయం కూడా అక్కర్లేదు.

దక్షిణ అమెరికాలో మట్టి గోడల ఇళ్ల సందుల్లో కాపురం పెట్టే జాతులు తాగుతూనే, లేదా తాగిన వెంటనే మనిషి మీదే విసర్జిస్తాయి. అమెరికాలో ఉన్న చాలా జాతులు తాగాక కొంత ఆలస్యం చేస్తాయి, పక్కకి వెళ్లిపోయాక విసర్జిస్తాయి. ఇళ్లు కూడా అలాంటివి కావు. అందుకే ఇక్కడ దొరికే పురుగుల్లో సుమారు సగానికి ఈ పరాన్నజీవి ఉన్నా, పురుగు వల్ల ఇక్కడే జబ్బు వచ్చినవాళ్లు చాలా తక్కువ. జబ్బున్న పురుగు కుట్టినా వేల సార్లలో ఒకసారి అంటుకుంటుందని లెక్కలు కట్టారు. కాబట్టి పురుగు కనపడగానే టెన్షన్ పడిపోవద్దు, కానీ దానితో చేసే పని మాత్రం సరిగ్గా చేయండి.

పోయిన ఏడాది మే చివర్లో మా ఇంట్లో జరిగింది చెప్తాను. మేముండేది శాన్ ఆంటోనియో ఊరి అంచున, వెనక కంచె దాటితే పొదలే. మా మావయ్యగారికి ఏసీలో నిద్ర పట్టదు, అనంతపురంలో ఎండాకాలమంతా ఆరుబయట మంచం వేసుకునే అలవాటు. వెనక పేషియోలో మడతమంచం వేసి, చీకట్లో లేస్తే కాలు తగులుతుందని మేమే పైన తెల్ల లైటు వేసి ఉంచాం. తెల్లవారుజామున దిండు మీద అంగుళం పైగా ఉన్న నల్లటి పురుగు కనిపిస్తే, పెద్ద నల్లి అనుకుని ఆయన బొటనవేలితో దుప్పటి మీదే నలిపేశారు. మనందరికీ చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటే కదా. నలిపితే రక్తం చిమ్మింది, ఆ వేలు లుంగీకి తుడుచుకుని, మెడ మీద దురదగా ఉంటే గోక్కుంటూ లోపలికి వచ్చారు.

ఇందులో అన్నిటికంటే చెడ్డది నలపడం. నలిపితే పేగులో ఉన్నదంతా వేలికి అంటుతుంది, పురుగు తనంతట విసర్జించే దానికంటే ఎక్కువే. బ్రెజిల్‌లోని శాంటా కాటరీనాలో 2005లో చెరుకురసం తాగినవాళ్లకు చాగస్ వచ్చింది, గడలతో పాటు పురుగు కూడా మిషన్‌లో నలిగిపోవడం వల్ల. నోట్లోకి పోయిన మోతాదు ఎక్కువ కాబట్టి అలా వచ్చినప్పుడు జబ్బు తీవ్రంగా ఉంటుంది.

"మావయ్యగారూ, చేతులు ముఖానికి పెట్టకండి, ముందు సబ్బుతో కడుక్కోండి" అని సింక్ దగ్గరికి తీసుకెళ్లాను. చేతులు, తర్వాత మెడ, సబ్బు నురగతో బాగా కడిగించాను. మెడ మీద చిన్న దద్దురు, మధ్యలో ఎర్రటి చుక్క ఉంది. దుప్పటి, దిండు గలీబు, లుంగీ గ్లోవ్స్ వేసుకుని తీసి వేడి నీళ్లలో ఉతికాం. మంచం పట్టీలను, పేషియో నేలను ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తుడిచాం. గట్టు మీద, దిండు మీద నల్లటి తారులాంటి మరకలు, పసుపుతెలుపు చారలు కనిపిస్తే అవే దాని మలం, వాటిని పొడిగా తుడవకుండా ముందు ఈ నీళ్లతో తడిపి తుడవాలి. తడిగా ఉన్నదానితోనే ప్రమాదం ఎక్కువ, ఎండితే పరాన్నజీవులు చచ్చిపోతాయి, అయినా ఎప్పటిదో మనకు తెలియదు కాబట్టి రెండిటినీ ఒకేలా చూడండి.

నలిగిన పురుగును కవరు తిరగేసి చేతికి తొడుక్కుని పట్టి, కవరు మళ్లీ తిప్పి ముడేసి ఫ్రీజర్‌లో పెట్టాం, తినేవాటికి దూరంగా. అసలు పద్ధతి ఏమిటంటే, పురుగు మీద గాజు సీసానో డబ్బానో బోర్లించి, కింద నుంచి గట్టి కాగితం జరిపి, లోపలికి వెళ్లాక రబ్బింగ్ ఆల్కహాల్ పోసేయడం, లేదా ఫ్రీజర్‌లో పెట్టడం. పారేయకండి, మనిషిని కుట్టి ఉంటే దాన్ని పరీక్ష చేయించవచ్చు. ఫోటో తీసి టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ఈ పురుగుల మీద పని చేసే బృందానికి పంపితే అది అదేనో కాదో చెప్తారు.

అన్ని పెద్ద పురుగులూ ఇవి కావు. వీపు మీద పళ్ల చక్రంలా ఉంటే అది వీల్ బగ్, అది వేరే పురుగుల్ని తింటుంది, కుడితే విపరీతంగా నొప్పి పెడుతుంది. కిస్సింగ్ బగ్ కుట్టినప్పుడు నొప్పే తెలియదు. దీని తల సన్నగా కోను ఆకారంలో ఉంటుంది, మూతి వంకర లేకుండా సన్నగా ఉండి తల కింద మడిచి ఉంటుంది. పొట్ట అంచు రెక్కల బయటికి కనబడుతూ నారింజ రంగు, నలుపు గీతలుంటాయి. వీల్ బగ్ మూతి లావుగా, వంకరగా ఉంటుంది.

మేం డాక్టర్ దగ్గరికి అదే రోజు వెళ్లాం. కుట్టిన రోజే రక్త పరీక్ష చేస్తే ఏమీ తేలదు. ఒకటి రెండు వారాల్లో జ్వరం, కుట్టిన చోట గట్టి వాపు, లేదా ఒక కంటి రెప్ప నొప్పి లేకుండా వాచిపోవడం లాంటివి వస్తే అప్పుడు రక్తంలో పరాన్నజీవి కోసం నేరుగా చూస్తారు. చాలామందికి ఏ లక్షణమూ రాదు, అందుకే కొన్ని వారాలు ఆగి యాంటీబాడీల పరీక్ష చేయిస్తారు, ఒక పరీక్షతో నిర్ధారించరు, రెండు వేరు వేరు పద్ధతులు కావాలి. ఈ ఫలితం వచ్చేదాకా రక్తదానం చేయొద్దు. టెక్సస్‌లో 2013 నుంచి చాగస్ కేసును ఆరోగ్యశాఖకు తెలియజేయాలి, అయినా అందరు డాక్టర్లకూ ఇది వెంటనే తట్టదు, పురుగు పేరు, తేదీ మీరే చెప్పండి. బెంజ్‌నిడజోల్ అనే మందు ఉంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత బాగా పని చేస్తుంది. వదిలేస్తే ఏళ్ల తర్వాత, వందమందిలో ఇరవై ముప్ఫైమందికి గుండె పాడవుతుంది, అప్పటికి మందు చేయగలిగేది చాలా తక్కువ.

ఇక సీజన్ ముందే చేయాల్సినవి. రాత్రి పేషియో లైటు ఆపేయండి, లేదా పసుపు బల్బు పెట్టండి, ఎగిరే పురుగు వెలుగు చూసే వస్తుంది, మేం పెట్టిన తెల్ల లైటే దాన్ని మంచం దాకా పిలిచింది. వెనక తలుపు కింద సందు ఉంటే రబ్బరు పట్టీ బిగించండి, కిటికీ జాలీలకు చిల్లులుంటే మార్చండి. కట్టెల కుప్ప, రాళ్ల కుప్ప ఇంటి గోడకు ఆనించి ఉంచకండి, పగలు అవి దాక్కునేది అక్కడే, ఎలుక గూళ్లలోనే. కోళ్ల గూడు, కుక్క గూడు కూడా అంతే. బొద్దింకల ట్రాపులు వీటికి పని చేయవు, ఇంట్లో పదే పదే కనిపిస్తే, ముఖ్యంగా రెక్కల్లేని పిల్ల పురుగులు కనిపిస్తే, అవి ఎగిరి రాలేవు కాబట్టి దగ్గరలోనే గూడు ఉన్నట్టు, అప్పుడు పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవాలి. కుక్క ఉంటే రాత్రి లోపలే పడుకోబెట్టండి, కుక్కలు ఈ పురుగుల్ని తింటాయి, మనుషులకంటే వాటికే ఈ జబ్బు ఎక్కువగా వస్తోంది.

పెద్దవాళ్లు బయటే పడుకుంటానంటే, ఊళ్లో వాడే దోమతెరే వాడండి, అంచులు పరుపు కిందికి దోపి. ఈసారి మావయ్యగారికి మేం అదే కట్టాం. పడుకునే ముందు దిండు ఎత్తి, మంచం పట్టీల కింద టార్చ్ వేసి ఆయనే చూసుకుంటారు, మంచం గోడకు కాస్త దూరంగా వేసుకుంటారు.

పోయినేడాది మేం పంపిన పురుగులో పరాన్నజీవి ఉందని తేలింది. మావయ్యగారికి జ్వరం రాలేదు, ఆగస్టులో రెండు పరీక్షలూ నెగెటివ్ వచ్చాకే విమానం ఎక్కించాం. మీవాళ్లు పరీక్ష పూర్తవకముందే ఇండియా వెళ్లాల్సి వస్తే, పురుగు రిపోర్టు కాపీ, కుట్టిన తేదీ వాళ్ల ఫైల్లో పెట్టి పంపండి. ఇండియాలో ఈ జబ్బు లేదు, అక్కడ జ్వరమొస్తే డాక్టర్ డెంగీ, మలేరియా చూస్తారు గానీ దీన్ని చూడాలని వాళ్లకు తెలిసే దారి ఆ కాగితం ఒక్కటే.