ఉర్దూ నిఖానామా ఫోటోను తెలుగులోకి మార్చే ముందు చదివే వరుస ఎలా తేల్చాలి?

కడపలో పాత నిఖానామాలు, అంటే ముస్లింల పెళ్లి పత్రాలు, ఇంటి పత్రాలు తెలుగులోకి రాసిపెట్టడం నాకు చాలా ఏళ్ల పని. ఇప్పుడు కాగితం ఎవరూ తేవడం లేదు, వాట్సాప్‌లో ఫోటో పంపుతున్నారు. దానితోపాటు అంతకుముందు ఎవరో చేసిన అనువాదం కూడా వస్తుంది. ఉర్దూ బాగా వచ్చినవాళ్లే చేసి ఉంటారు, అయినా తప్పులుంటాయి. మాట అర్థంకాక వచ్చిన తప్పులు తక్కువ. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకోకుండా కలం పట్టడం వల్ల వచ్చినవే ఎక్కువ.

కావలసినవి: ఫోటో అచ్చు తీసిన ఎ4 కాగితం, పెన్సిల్, ఎర్ర పెన్ను. ఫోన్ తెరమీద చూస్తూ అనువాదం చేయకూడదు. ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి చుక్కలు మింగేస్తుంది. ఉర్దూలో సున్నా అంటే ఒక చుక్కే.

మొదట ఫోటో సరిగ్గా ఉందో లేదో చూడండి. తలకిందులైనా, ముందు కెమెరాతో తీసి అద్దంలోలా తిరగబడినా కనిపెట్టడం సులువు. చాలా కాగితాల మీద పైన ౭౮౬ ఉర్దూ అంకెల్లో ఉంటుంది. అందులో ఏడు పైకి నోరు తెరిచిన గరాటులా, ఎనిమిది ఇంటి కప్పులా ఉంటాయి. ఎడమ నుంచి గరాటు, కప్పు, ఆరు అని వస్తే ఫోటో సరైనది. ఆరు ఎడమకు వచ్చి, దాని పక్కన గరాటు, తర్వాత కప్పు ఉంటే తలకిందులైంది, తిప్పితే చాలు. ఆరు ఎడమకు వచ్చి కప్పు ముందు, గరాటు తర్వాత ఉంటే అద్దంలోలా తిరగబడింది. దాన్ని ఎంత తిప్పినా సరికాదు, ఫోన్‌లో ‘ఫ్లిప్’ చేయాలి. ౭౮౬ లేకపోతే చేతిరాత వాలు చూడండి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ పద్ధతిలో ప్రతి మాటా కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతుంది. తలకిందులైనా ఆ వాలు మారదు, అద్దం బొమ్మలో మాత్రమే ఎదురు తిరుగుతుంది.

తర్వాత పెన్సిల్‌తో గళ్లు గీయండి. తలకట్టు ఒక గడి, వరుడి వివరాలు ఒకటి, వధువువి ఒకటి, సాక్షులు, వరుడు వధువుకు ఇచ్చే సొమ్మైన మెహర్, సంతకాలు ఒక్కొక్కటి. కుడి పైమూల గడికి ఎర్ర పెన్నుతో ౧ వేసి, ఎడమకు, ఆపైన కిందికి నంబర్లు వేస్తూ పోండి. సాక్షుల పట్టీలో కుడి చివరి నిలువు వరుస మొదటిది, క్రమసంఖ్య అక్కడే ఉంటుంది. మన అలవాటుకొద్దీ ఎడమ నుంచి రాస్తే క్రమసంఖ్య చివరికి పోతుంది. తెలుగు పట్టీలో నిలువు వరుసలను ఎదురుగా తిప్పి, క్రమసంఖ్యను ఎడమకు తెచ్చి రాయాలి.

ఇక అందరూ బోల్తాపడేది అంకెల దగ్గర. ఇక్కడ తొందరపడొద్దు.

ఉర్దూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు పోతాయి, కానీ ఒక సంఖ్యలోని అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి. అంటే ఒకే పంక్తిలో కన్ను కుడి నుంచి వస్తూ, సంఖ్య దగ్గర ఆగి, దాని ఎడమ చివరికి దూకి, కుడికి చదివి, మళ్లీ ఎడమకు సాగాలి. ఇది తెలియనివాళ్లు సంఖ్యను కూడా కుడి నుంచి చదివేస్తారు.

మొన్న ఒకామె వచ్చి, “అన్నా, మా దాదీ నిఖానామా ఇది. మెహర్ నూట అయిదు అని రాసిచ్చినారు, మా ఇంట్లో అందరూ అయిదొందల ఒకటి అంటారు” అంది. కాగితం మీద ۵۰۱ అని ఉంది. ఎడమ నుంచి చదివితే 501, తిప్పి చదివితే 105. రెండూ నమ్మదగ్గ మొత్తాలే కాబట్టి చూసినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. కింది పంక్తిలోనే అక్షరాల్లో ‘పాంచ్ సౌ ఏక్’ అని ఉంది. అందుకే నా దగ్గర ఒక నియమం: అంకెల్లో ఉన్న ప్రతి మొత్తానికీ అక్షరాల్లో జోడీ వెతకాలి, దొరికాకే రాయాలి. ఇంకో మాట, గుండ్రంగా ఉన్నది సున్నా కాదు, అయిదు.

అదే కాగితంలో తేదీ ۵/۶/۱۹۶۸. ఎడమ నుంచి చదివితే 5-6-1968. కానీ రాసినాయన రోజును ముందు వేశాడా, నెలను ముందు వేశాడా? మాటల్లో రాసిన తేదీలో రోజు కుడివైపు, తర్వాత నెల, ఎడమ చివర సంవత్సరం వస్తాయి. గీతలతో రాసినప్పుడు మాత్రం రెండు పద్ధతులూ చూశాను. 12 దాటిన అంకె ఉంటే అదే రోజు. ఇక్కడ రెండూ 12 లోపే. ఊహించి రాయకూడదు, పక్కన ఉన్న హిజ్రీ తేదీ, అంటే ముస్లింల చాంద్రమాన తేదీ చూడాలి. అక్కడ రబీఉల్ అవ్వల్ 1388 అని ఉంది. 1968 జూన్ 5 ఆ నెలలోనే పడుతుంది, మే 6 అయితే సఫర్ నెల అయ్యేది. కింద ‘చహార్‌షంబా’, అంటే బుధవారం అని కూడా ఉంది. జూన్ 5 బుధవారం, మే 6 సోమవారం. రెండు సాక్ష్యాలు ఒకటే చెప్పాయి కాబట్టి జూన్ 5 అని రాశాను. నెలవంకను బట్టి హిజ్రీ తేదీ ఒకరోజు అటూ ఇటూ ఉంటుంది, అందువల్ల నెలనూ వారాన్నీ నమ్మండి, హిజ్రీ రోజును బలవంతంగా కలపొద్దు.

కుడి అంచులో నిలువుగా రాసిన పంక్తి వస్తే, నిలువు గీతలా ఉండే అలిఫ్ అక్షరాలు నిటారుగా నిలబడేదాకా కాగితాన్ని తిప్పి, అప్పుడే చదవండి. అది పేజీ చివర చేర్చిందా, మధ్యలో ఏదైనా గుర్తుకు చెందిందా చూడండి. గుర్తు ఉంటే అక్కడ చొప్పించాలి, లేకపోతే చివరి గడి తర్వాత ‘అంచు రాత’ అని విడిగా పెట్టాలి. ఆ నిఖానామాలో మెహర్‌లో సగం అప్పుడే చెల్లించారన్న మాట అంచులోనే ఉంది, ముందు అనువాదంలో అది పూర్తిగా పోయింది. చాలా పేజీల రాతప్రతి అయితే పేజీ కింద ఎడమ మూల చూడండి. తర్వాతి పేజీ మొదటి మాట చాలావాటిలో అక్కడ ఉంటుంది, దాన్ని రకాబ్ అంటారు. ఫోటోలు కలిసిపోయినా దాంతో వరుస కట్టుకోవచ్చు.

  

అనువాదం మొదలుపెట్టేముందు, నంబర్లు వేసిన ఆ కాగితం నకలుతో ఈ నాలుగు వాక్యాలు జతచేయండి. నేను ఇది లేకుండా ఏ అనువాదమూ ఇవ్వను:

“మూల పత్రం కుడి పైమూల నుంచి ఎడమకు, ఆపైన కిందికి చదవాలి. గళ్ల నంబర్లు ఆ వరుసను చూపుతాయి. సంఖ్యలలోని అంకెలు ఎడమ నుంచి కుడికి. కుడి అంచులోని నిలువు రాతను కాగితం తిప్పి చదివి, చివరి గడి తర్వాత ‘అంచు రాత’ అని ఇచ్చాము.”

ఆఫీసులో తెలుగు కాగితాన్ని మూలంతో పక్కపక్కన పెట్టి చూసే గుమాస్తాకు ఉర్దూ రాకపోవచ్చు. ఎడమ పైమూల మాట మీద వేలు పెట్టి, “ఇది తెలుగులో మొదట లేదే?” అని వెనక్కి పంపుతాడు. ఈ నాలుగు వాక్యాలుంటే నంబరు చూసుకుంటాడు. చదవడానికి వీల్లేని మాట దగ్గర ఊహ రాయకుండా ‘3వ గడి, రెండో పంక్తి, ఒక మాట చదవరాలేదు’ అని రాసి, ఆ గడిని దగ్గరగా తీసిన ఫోటో మళ్లీ అడగండి.